ఆన్‌కాల్ రోస్టర్: వంతుల ఏర్పాటు, భారం లెక్క, బదులు సెలవు

ఆఫీసు వేళలు ముగిశాక, సెలవు రోజుల్లో సాఫ్ట్‌వేర్ సేవ ఆగిపోతే ఎవరి ఫోన్ మోగాలో ముందే నిర్ణయించి రాసిపెట్టుకునే పట్టికను ఆన్‌కాల్ రోస్టర్ అంటారు. వంతు ఉన్న ఇంజనీరు ఆఫీసులో కూర్చోనక్కర్లేదు. ఇంట్లో ఉండవచ్చు, నిద్రపోవచ్చు. కానీ ఫోన్ మోగితే నిర్ణీత వ్యవధిలో లేచి ల్యాప్‌టాప్ తెరవాలి. అందుకే ఇది నైట్ షిఫ్ట్ కాదు, పూర్తి విశ్రాంతీ కాదు. జీతం లెక్కల్లోనూ సెలవుల లెక్కల్లోనూ వచ్చే తగాదాలు చాలావరకు ఈ మధ్యస్థ స్థితి నుంచే పుడతాయి.

మంచి రోస్టర్‌కు రెండు పనులున్నాయి. ఒకటి, ఏ క్షణంలోనైనా బాధ్యుడు ఎవరో సందేహం లేకుండా చెప్పగలగాలి. రెండోది, ఆ బాధ్యత వల్ల పోయిన నిద్ర, పోయిన పండగ కాలక్రమంలో అందరి మీదా సమానంగా పడేలా చూడాలి. మొదటిదాన్ని పట్టిక తీరుస్తుంది. రెండోదానికి పట్టిక ఒక్కటే చాలదు, దాని పక్కన ఒక ఖాతా కూడా ఉండాలి.

నేపథ్యం

ఒకప్పుడు ప్రోగ్రాం రాసేవారు వేరు, దాన్ని సర్వర్ల మీద నడిపే ఆపరేషన్స్ విభాగం వేరు. రాత్రి ఫోన్లు ఆ విభాగానికే వెళ్ళేవి. 2003లో గూగుల్‌లో బెన్ ట్రేనర్ స్లాస్ నాయకత్వంలో ఏర్పడిన బృందం సేవలను నడిపే పనిని కూడా ఇంజనీర్ల చేతిలో పెట్టింది. సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్ అనే వృత్తి అక్కడ మొదలైంది. అమెజాన్ సాంకేతికాధికారి వెర్నర్ వోగెల్స్ 2006 నాటి ఒక ఇంటర్వ్యూలో, సేవను తయారుచేసిన బృందమే దాన్ని నడపాలన్నది తమ పద్ధతి అని చెప్పాడు. ఈ రెండు ధోరణులూ కలిసి, ఆన్‌కాల్ వంతును మామూలు ప్రోగ్రామర్ ఇంటిదాకా తెచ్చాయి.

2016లో వెలువడిన గూగుల్ ఇంజనీర్ల పుస్తకం ఈ పనికి కొన్ని హద్దులు సూచించింది. ఇంజనీరు సమయంలో నాలుగో వంతుకు మించి ఆన్‌కాల్‌కు పోకూడదు. పన్నెండు గంటల షిఫ్టులో రెండు ఘటనలకు మించి రాకూడదు. ప్రధాన, సహాయ వంతులు రెండూ వారం చొప్పున తిరిగేటట్లయితే ఒకే ఊళ్ళో ఉన్న బృందానికి కనీసం ఎనిమిది మంది కావాలి. రెండు ప్రాంతాల మధ్య పంచుకుంటే ఒక్కో చోట ఆరుగురు చాలు. ఆఫీసు వేళ బయట చేసిన ఆన్‌కాల్‌కు బదులు సెలవుగానీ నగదుగానీ ఇవ్వాలన్నది కూడా అందులో ఉంది. ఈ అంకెలు చాలా పెద్ద సంస్థవి. ఆరుగురే ఉన్న బృందం ఎనిమిది మంది లెక్కను అందుకోలేకపోవచ్చు. అప్పుడు మిగతా హద్దులను మరింత గట్టిగా పాటించాలి.

వంతులోని భాగాలు

సాధారణంగా ఒక వారానికి ఇద్దరు ఉంటారు. అలర్ట్ మొదట ప్రైమరీకి వెళుతుంది. అయిదు నిమిషాల్లో అతడు అందుకోకపోతే సెకండరీ ఫోన్ మోగుతుంది. మరో పది నిమిషాలు గడిస్తే మేనేజర్‌కు చేరుతుంది. ఈ మెట్ల వరుసను ఎస్కలేషన్ అంటారు. పేజర్‌డ్యూటీ వంటి సాధనాలు పట్టికను చూసి ఈ పనిని తామే చేస్తాయి.

వంతు మారే రోజు, గంట ముందే తేల్చుకోవాలి. సోమవారం ఉదయం 11 గంటలకు హ్యాండోవర్ పెట్టుకునే బృందాలు చాలా ఉన్నాయి. వారాంతంలో జరిగినదంతా అది చూసిన మనిషే ఆఫీసు వేళలో అప్పజెబుతాడు కాబట్టి ఇది అనువు. శుక్రవారం సాయంత్రం మార్చుకుంటే సగం తెలిసిన సమస్య కొత్త మనిషి చేతికి శని, ఆదివారాల ముందు చిక్కుతుంది. హ్యాండోవర్ పూర్తయ్యాక కొత్త ప్రైమరీ ఫోన్‌కు ఒక పరీక్షా అలర్ట్ పంపడం మంచి అలవాటు. ఫోన్ సైలెంట్‌లో ఉందో, యాప్‌కు అనుమతి పోయిందో రాత్రి రెండింటికి తెలిసే బదులు అప్పుడే తెలుస్తుంది.

ఆరుగురి వరుస

హైదరాబాద్‌లో ఆరుగురున్న ఒక ఊహా బృందాన్ని తీసుకుందాం. వారిని క, చ, ట, త, ప, య అనుకుందాం. ప్రైమరీ వంతు ఈ వరుసలోనే తిరుగుతుంది. సెకండరీగా ఎవరిని పెట్టాలన్నదే ప్రశ్న. గత వారం ప్రైమరీనే ఈ వారం సెకండరీ చేస్తే జరిగింది తెలిసిన మనిషి అండగా ఉంటాడు, కానీ అతడికి వరసగా రెండు వారాలు ఊరు దాటే వీలుండదు. అందుకని ఈ బృందం సెకండరీని మూడు స్థానాల దూరంలో పెట్టుకుంది.

| వారం | ప్రైమరీ | సెకండరీ |
|---|---|---|
| 1 | క | త |
| 2 | చ | ప |
| 3 | ట | య |
| 4 | త | క |
| 5 | ప | చ |
| 6 | య | ట |

దీనివల్ల ప్రతి ఒక్కరికీ ఒక వారం ప్రైమరీ, తర్వాత రెండు వారాలు ఖాళీ, ఒక వారం సెకండరీ, మళ్ళీ రెండు వారాలు ఖాళీ. ఇందులో ఒక లోపం ఉంది. క, త ఎప్పుడూ ఒకే జంట. ఆ ఇద్దరూ ఒకే పెళ్ళికి వెళ్ళాల్సివస్తే రెండు కుర్చీలూ ఒకేసారి ఖాళీ అవుతాయి. ఆరు నెలలకోసారి వరుసను కలిపి మార్చుకుంటే జంటలు మారతాయి.

ముగ్గురే ఉన్న బృందంలో ఇదే పద్ధతి నిలవదు. మూడు వారాల్లో రెండు వారాలు ఏదో ఒక వంతు పడుతుంది. అంత చిన్న బృందం ఇరవైనాలుగు గంటల హామీ ఇవ్వకుండా రాత్రి పదకొండు వరకే బాధ్యత తీసుకోవడమో, పక్క బృందంతో కలిసి ఒకే రోస్టర్ నడపడమో చేయాలి.

వరుసలో దాగిన పక్షపాతం

అందరికీ వంతుల సంఖ్య సమానంగా ఉంటే న్యాయం జరిగినట్టేనని మొదట అనిపిస్తుంది. క్యాలెండర్‌ను దాని పక్కన పెట్టి చూస్తే అలా కాదని తెలుస్తుంది.

రోజుకొకరు చొప్పున తిరిగే పట్టికలో ఏడుగురున్నారనుకోండి. వారానికీ ఏడు రోజులే. ఆదివారం ఒకసారి ఎవరికి పడిందో, ప్రతి ఆదివారమూ వారికే పడుతుంది. వారం చొప్పున తిరిగే పట్టికలో ఇదే చిక్కు పండగల దగ్గర వస్తుంది. సంవత్సరానికి 52 వారాలు. నలుగురి బృందంలో 52ను నాలుగు నిశ్శేషంగా భాగిస్తుంది. కాబట్టి ఈ ఏడు సంక్రాంతి వారం ఎవరికి వచ్చిందో, వచ్చే ఏడూ వారికే వస్తుంది. సంక్రాంతి సౌరమానం ప్రకారం జనవరి 14 లేదా 15న వస్తుంది కాబట్టి తప్పించుకునే దారి లేదు. ఏటా వారం రోజు ఒకటి, లీపు సంవత్సరం దాటాక రెండు జరుగుతూ పోయి, పండగ హ్యాండోవర్ రోజును దాటినప్పుడే వంతు మరొకరికి మారుతుంది. దానికి అయిదారేళ్ళు పడుతుంది.

ఆరుగురి బృందంలో ఇది ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. 52ను ఆరుతో భాగిస్తే నాలుగు మిగులుతుంది. అంటే వచ్చే సంక్రాంతికి వంతు నాలుగు స్థానాలు ముందుకు జరుగుతుంది. పై పట్టికలో రెండో వారం సంక్రాంతి అయితే ఈ ఏడు చ, వచ్చే ఏడు య, ఆపై ఏడు త, మళ్ళీ చ. మిగతా ముగ్గురూ ఆ కొన్నేళ్ళూ హాయిగా ఊరు వెళతారు. ఎవరూ కుట్ర చేయలేదు, ఆరుకీ నాలుగుకీ రెండు ఉమ్మడి భాజకం కావడమే కారణం. అయిదుగురు లేదా ఏడుగురు ఉంటే ఈ సమస్య రాదు, పండగ అందరినీ చుట్టి వస్తుంది. దసరా, దీపావళి చాంద్రమానం ప్రకారం తేదీలు మారుతుంటాయి కనుక వాటి వంతు వేరేగా జరుగుతుంది, కానీ దాన్నీ అదృష్టానికి వదిలేయలేం.

దీనికి మందు ఒక్కటే: పండగలను వారాల వరుస నుంచి విడదీయాలి. ఏడాది మొదట్లోనే సంక్రాంతి, ఉగాది, రంజాన్, దసరా, దీపావళి, క్రిస్మస్ వంటి రోజులను వేరే చిట్టాగా రాసి, వాటికి వేరే వంతు నడపాలి. ఎవరికి ఏ పండగ ముఖ్యమో ముందే అడిగితే సగం చిక్కు విడిపోతుంది. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్ళాలనుకునేవారు సంక్రాంతికి కూర్చోవడానికి తరచు ఇష్టపడతారు. అయితే ఈ ఒప్పందాన్ని చిట్టాలో రాయాలి. నోటిమాటగా వదిలేస్తే పెళ్ళికానివారికో, కొత్తగా చేరినవారికో, సొంత ఊరు నగరమే అయినవారికో ప్రతి పండగా నెమ్మదిగా చేరిపోతుంది.

భారం ఖాతా

పక్షపాతాన్ని పసిగట్టాలంటే వంతులను కాకుండా భారాన్ని లెక్కపెట్టాలి. మన ఊహా బృందం ఇలా పాయింట్లు పెట్టుకుంది. పనిదినపు రాత్రికి 1, శనివారానికి 2, ఆదివారానికి 2, పండగ లేదా జాతీయ సెలవు రోజుకు 3. రాత్రి పదకొండుకూ ఉదయం ఆరుకూ మధ్య నిద్ర లేపిన ప్రతి అలర్ట్‌కు అదనంగా 2. మామూలు వారానికి 9 పాయింట్లు వస్తాయి. భోగి, సంక్రాంతి పనిదినాల్లో పడిన వారానికి 13.

జనవరి మొదటి సోమవారం నుంచి పన్నెండు వారాల్లో ఒక్కొక్కరికీ రెండేసి ప్రైమరీ వారాలు వచ్చాయి. రెండో వారంలో భోగి, సంక్రాంతి, నాలుగో వారంలో రిపబ్లిక్ డే, పదకొండో వారంలో ఉగాది పడ్డాయి. ఈ నాలుగింటినే బృందం సెలవులుగా లెక్కించింది. చివరికి ఖాతా ఇలా తేలింది.

| ఇంజనీరు | వారాల పాయింట్లు | నిద్ర లేచిన సార్లు | మొత్తం |
|---|---|---|---|
| క | 18 | 1 | 20 |
| చ | 22 | 4 | 30 |
| ట | 18 | 0 | 18 |
| త | 20 | 2 | 24 |
| ప | 20 | 1 | 22 |
| య | 18 | 1 | 20 |

పట్టిక చూస్తే అందరూ సమానం. ఖాతా చూస్తే చ, ట మధ్య తేడా 12 పాయింట్లు. అది మామూలు వారం కంటే ఎక్కువ. సర్దుబాటు సులువే. తర్వాతి త్రైమాసికంలో చ వంతులోని ఒక శని, ఆదివారాలను ట తీసుకుంటాడు. ఒకరికి నాలుగు తగ్గి మరొకరికి నాలుగు పెరుగుతాయి, మిగతావన్నీ మామూలుగా నడిస్తే తేడా నాలుగుకు దిగుతుంది. సున్నాకు తేవాల్సిన పనిలేదు. ఎవరి శేషమూ ఒక వారం భారాన్ని మించి ముందుకు పోకుండా చూసుకుంటే చాలు.

పాయింట్లు ఎలా వేయాలన్నదానికి శాస్త్రీయ సూత్రమేమీ లేదు. ఆదివారం రాత్రి రెండా, రెండున్నరా అని వాదించుకోవచ్చు. ముఖ్యమైనది ఏమిటంటే విలువలను త్రైమాసికం మొదట్లో అందరూ ఒప్పుకోవాలి, మధ్యలో మార్చకూడదు, ఖాతా అందరికీ కనబడాలి. వంతులు మార్చుకున్నప్పుడు పాయింట్లు నిజంగా పనిచేసిన మనిషి ఖాతాలోకే పోవాలి. ఆరోగ్యం వల్లో, ఇంట్లో పసిపిల్ల వల్లో ఒకరికి కొన్నాళ్ళు రాత్రి వంతు మినహాయిస్తే ఆ మినహాయింపును బాకీగా రాయకూడదు. ఆ కాలానికి మిగతావారి సంఖ్యతోనే సగటు కట్టాలి.

ఇంకొక మాట. చ నాలుగుసార్లు లేవడం దురదృష్టమా, సేవలో లోపమా అన్నది వేరుగా చూడాలి. నాలుగూ ఒకే డిస్క్ నిండిపోవడం వల్ల వచ్చి ఉంటే, న్యాయం చేయాల్సింది వంతులు మార్చి కాదు, డిస్క్ సంగతి చూసి. లేచి చూసి ఏమీ చేయకుండా మళ్ళీ పడుకున్న అలర్ట్ రాత్రి మోగాల్సినది కాదు. దాన్ని ఉదయం టికెట్‌గా మార్చాలి. వంతు ముగిసిన ఇంజనీరుకు తర్వాతి వారం మొదటి పనిగా ఈ మరమ్మతునే అప్పగించే బృందాల్లో మోతలు తగ్గుతాయి, ఎందుకంటే బాధ ఇంకా గుర్తుండగానే చేయి పడుతుంది.

బదులు సెలవు

మన ఆఫీసుల్లో దీన్ని కాంప్ ఆఫ్ అంటారు. భారతదేశంలో ఈ భావనకు పాత చట్టబద్ధమైన రూపం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది. వారపు సెలవు కోల్పోయిన కార్మికుడికి ఆ నెలలోగానీ తర్వాతి రెండు నెలల్లోగానీ బదులు సెలవు ఇవ్వాలని అది చెప్పేది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు ఆ చట్టం వర్తించలేదు, కానీ దాని వెనకున్న ఆలోచన పనికొస్తుంది: బదులు సెలవుకు గడువు ఉద్యోగికి కాదు, యజమానికి. ఈలోగా ఇచ్చి తీరాలి. చాలా కంపెనీల సెలవుల సాఫ్ట్‌వేర్‌లో ఇది తలకిందులైంది. గడువులోగా వాడుకోకపోతే ఉద్యోగి సెలవే రద్దవుతుంది.

మన బృందం రెండు రకాల సెలవులను విడిగా పెట్టుకుంది. మొదటిది కోలుకునే సెలవు. రాత్రి లేపిన పని గంటలోపు ముగిస్తే మర్నాడు మధ్యాహ్నం నుంచే డ్యూటీ, గంట దాటితే ఆ రోజంతా సెలవు. ఇది దాచుకునేది కాదు, ఆ రోజే తీసుకోవాలి. నిద్రలేని మనిషి ఉదయం పది గంటల సమావేశంలో కూర్చుంటే అతడికీ నష్టమే, మధ్యాహ్నం అతడు సర్వర్ మీద నడిపే ఆదేశానికీ నష్టమే. రెండోది సంపాదించిన సెలవు. ప్రైమరీ వారం పూర్తిచేస్తే ఫోన్ మోగినా మోగకపోయినా ఒక రోజు, సెలవు దినాన వంతు చేస్తే మరో రోజు. మోగకపోయినా ఎందుకంటే, ఆ వారమంతా ల్యాప్‌టాప్ సంచీ వెంట మోసింది, సినిమాకు పోనిది అతడే.

చ లెక్క చూద్దాం. రెండు వారాలకు రెండు రోజులు, భోగి, సంక్రాంతికి రెండు రోజులు. నాలుగు రాత్రుల్లో మూడు గంటలోపు ముగిశాయి, ఒకటి గంట దాటింది. అంటే రెండున్నర రోజులు. మొత్తం ఆరున్నర. ఇందులో రెండున్నర అప్పటికప్పుడే వాడేశాడు, నాలుగు మిగిలాయి.

బృందం మొత్తానికి పన్నెండు వారాలకు 12 రోజులు, సెలవు దినాలకు 4, తొమ్మిది రాత్రి మోతల్లో ఏడు చిన్నవి, రెండు పెద్దవి కాబట్టి ఐదున్నర. కలిపి 21.5 రోజులు. సెలవులు పోను ఒక్కొక్కరికి 56 పనిదినాల చొప్పున ఆరుగురికి 336. అంటే బృందం సమయంలో నూటికి ఆరు పాళ్ళకు పైగా బదులు సెలవుకు పోతుంది. ఒకే మనిషి పరంగా చూస్తే అతడి త్రైమాసికంలో మూడో వంతుకు మించినది. ఈ అంకెను స్ప్రింట్ ప్రణాళికలో ముందే తీసేయకపోతే సెలవు కాగితం మీదే ఉండిపోతుంది. పని తరగదు, అడగడానికి మొహమాటం, చివరికి గడువు దాటుతుంది. అందుకని హ్యాండోవర్ రోజునే, సెలవు ఏ తేదీన తీసుకుంటారో క్యాలెండర్‌లో రాయించి, అది దరఖాస్తు లేకుండానే మంజూరయ్యేలా పెట్టుకోవడం మేలు.

చట్టాల తీరు

వేచి ఉన్న సమయం పనిగంటలా, విశ్రాంతా అన్న ప్రశ్న ఐరోపా న్యాయస్థానం ముందుకు చాలాసార్లు వచ్చింది. బెల్జియంలోని నివెల్ పట్టణంలో ఒక అగ్నిమాపక దళ సభ్యుడు పిలిచిన ఎనిమిది నిమిషాల్లో చేరుకోవాల్సి ఉండేది. అలాంటి నిర్బంధం ఉన్నప్పుడు ఇంట్లో వేచి ఉన్నా అది పని సమయమేనని 2018లో కోర్టు తేల్చింది. 2021లో మరింత స్పష్టంగా, సొంత సమయాన్ని వాడుకునే స్వేచ్ఛ గణనీయంగా దెబ్బతింటే మొత్తం కాలం పనే అనీ, లేకపోతే నిజంగా పనిచేసిన గంటలే పని అనీ చెప్పింది. రోస్టర్ రాసేవారికి ఇందులో పాఠం ఉంది. అయిదు నిమిషాల్లో ఫోన్ అందుకోవాలనడం వేరు, అయిదు నిమిషాల్లో ల్యాప్‌టాప్ ముందు ఉండాలనడం వేరు. రెండోది మనిషిని ఇంట్లో కట్టేస్తుంది. అరగంట ఇస్తే కూరగాయల మార్కెట్‌కైనా వెళ్ళి రాగలడు.

ఫ్రాన్సులో కార్మిక చట్టం ఇలాంటి వంతుకు నగదు గానీ విశ్రాంతి గానీ పరిహారంగా ఇవ్వాల్సిందేనని చెబుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఆఫీసు ఉద్యోగాలకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఆధారం. ఈ రెండు రాష్ట్రాలూ ఐటీ సంస్థలకు అందులోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. కాబట్టి హైదరాబాద్ ఇంజనీరుకు ఆచరణలో రక్షణ నియామక పత్రం, కంపెనీ విధానపత్రం. కాంప్ ఆఫ్ నియమం టీమ్ లీడ్ మాటగా మిగలకుండా ఆ పత్రంలో ఉండాల్సింది ఇందుకే.

రెండు ఖండాల మధ్య పంపకం

హైదరాబాద్‌లో సగం, సియాటిల్‌లో సగం ఉన్న బృందాలకు రాత్రి వంతునే తీసేసే అవకాశం ఉంది. వేసవిలో రెండు ఊళ్ళ మధ్య తేడా పన్నెండున్నర గంటలు. హైదరాబాద్ ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు చూస్తే, అక్కడివారికి ఉదయం 8.30 నుంచి రాత్రి 8.30 వరకు పడుతుంది. ఎవరి నిద్రా పోదు. కానీ అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, మార్చి రెండో ఆదివారం ముందుకు వస్తాయి. పట్టికలో ఒక ఊరి వేళలు భారత కాలమానంలో, మరో ఊరివి స్థానిక కాలంలో రాసి ఉంటే గడియారం మారినప్పటి నుంచి రోజూ ఒక గంట ఎవరికీ చెందకుండా పోతుంది, మరో గంట ఇద్దరికీ మోగుతుంది. రెంటినీ ఒకే కాలమానంలో రాసి, ఆ రెండు ఆదివారాల తర్వాత పరీక్షించుకోవాలి. ఈ పంపకంలోనూ శని, ఆదివారాల పగళ్ళు పోతాయి కాబట్టి ఖాతా అవసరం తీరదు.

రోస్టర్ చెడిందని తెలిపే గుర్తులు

అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష, పట్టికలో ఉన్న పేరును అలర్ట్‌ను నిజంగా పరిష్కరించిన పేరుతో పోల్చడం. డేటాబేస్ బాగా తెలిసిన ఒక్కరికి ప్రతి రాత్రీ విడిగా ఫోన్ వెళుతుంటే ఆ మనిషి ఏడాది పొడవునా ఆన్‌కాల్‌లో ఉన్నట్టే, ఖాతాలో మాత్రం అతడి పేరు ఎదుట ఏమీ ఉండదు. అలాంటి పిలుపులకు కూడా పాయింట్లు, సెలవు రాస్తే రెండు మేళ్ళు. అతడికి న్యాయం జరుగుతుంది, ఆ విద్య మరొకరికి నేర్పాల్సిన ఖర్చు పైవారి కంటికి కనబడుతుంది. కొత్తగా చేరినవారిని మొదటి రెండు వంతుల్లో అనుభవజ్ఞుడి పక్కన నీడగా కూర్చోబెట్టేది ఇందుకే.

రెండో గుర్తు వాడని కాంప్ ఆఫ్‌ల కుప్ప. సంపాదించిన సెలవుల్లో సగానికి మించి త్రైమాసికం చివర మిగిలితే తప్పు ఉద్యోగుల్లో లేదు, ప్రణాళికలో ఉంది. మూడోది వంతుల మార్పిళ్ళ దిశ. అడిగేవారు, ఒప్పుకునేవారు కాలక్రమంలో తారుమారవుతుంటే మార్పిళ్ళు ఆరోగ్యకరమే. ఎప్పుడూ ఒకరే ఒప్పుకుంటూ ఉంటే, ఆ మనిషికి కాదనే వీలు లేదని అర్థం. అతడి ఖాతా తెరిచి చూసే సమయం అప్పుడే.